15,00,000 వాట్లు అంటే 15 మెగావాట్లా, 1.5 మెగావాట్లా?

పాలిటెక్నిక్_కుర్రోడు · రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను డిప్లొమా ఈఈఈ చివరి సంవత్సరం. ఫోన్ తీసేశాక కూడా స్విచ్ ఆపకుండా ప్లగ్గులోనే వదిలేసిన ఛార్జర్లకి ఎంత కరెంటు కాలుతుందన్నది మా ప్రాజెక్టు.

ప్లగ్గుకి తగిలించే చిన్న మీటరు కొన్నాను. ఖాళీ ఛార్జర్ పెడితే అది కాసేపు 0.1 W, కాసేపు 0.2 W చూపిస్తోంది. మధ్యలో 0.15 W, అంటే 150 mW అనుకున్నాను. ఇలాంటి ఛార్జర్లు ఒక కోటి ఉన్నాయనుకుని గుణిస్తే 15,00,000 W వచ్చింది. ఇక్కడిదాకా నాకూ నా పార్ట్‌నర్‌కీ గొడవ లేదు.

ఆ తర్వాతే తేడా వచ్చింది. 15 తర్వాత రెండు కామాలు ఉన్నాయి. మొదటి కామా కిలో, రెండో కామా మెగా. కాబట్టి 15 MW అని నేను రాశాను. వాడేమో 1.5 MW అంటున్నాడు. ఎందుకు అంటే సరిగ్గా చెప్పలేకపోతున్నాడు, "ఎక్కడో చదివా, పది లక్షలే మెగా" అంటాడు. రేపు గైడ్‌కి చూపించాలి. నా లెక్కలో తప్పెక్కడుంది?

సూటిగా_చెప్తా · రాత్రి 9:25

తమ్ముడూ, కామాలు లెక్కపెట్టడం మానెయ్. ఒక్క మెట్టుకి మూడు సున్నాలు, అంతే సూత్రం. మిల్లీ నుంచి కిలో ఒక మెట్టు, కిలో నుంచి మెగా ఇంకో మెట్టు. రెండు మెట్లకి ఆరు సున్నాలు.

150 mW ని కోటితో గుణిస్తే 150 కోట్ల మిల్లీవాట్లు. అంటే 1,50,00,00,000. ఇందులో ఆరు సున్నాలు కొట్టేస్తే 1500. కాబట్టి 1500 MW. మీరిద్దరూ తప్పే.

పాలిటెక్నిక్_కుర్రోడు · రాత్రి 9:31

అన్నా, ఇప్పుడు మూడు జవాబులయ్యాయి 😟 1.5, 15, 1500.

సబ్‌స్టేషన్_పెద్దాయన · రాత్రి 9:58

బాబూ, ముందు ఆ 1500 సంగతి చూద్దాం. శ్రీశైలం ఎడమ గట్టు పవర్‌హౌస్‌లో ఒక్కోటి 150 మెగావాట్ల మిషన్లు ఆరు ఉన్నాయి. ఆరూ నిండుగా తిరిగితే 900 MW. ఫోన్ కూడా లేని ఖాళీ ఛార్జర్లకి అది మొత్తం పోసినా చాలదు అంటున్నాడు మన మిత్రుడు. ఒక్కో ఛార్జర్ వాటాకి 150 వాట్లు వస్తాయి. రెండు సీలింగ్ ఫ్యాన్లంత. అంత లాగితే ప్లాస్టిక్ కరిగిపోదూ?

ఆయన చెప్పిన "మెట్టుకి మూడు సున్నాలు" సరైనదే. మెట్లు లెక్కపెట్టడంలో ఒకటి జారిపోయింది. మిల్లీకీ కిలోకీ మధ్య ఉత్త వాటు ఉంది కదా! దానికి ముందు ఏ పేరూ ఉండదు కాబట్టి చాలామంది దాన్ని మెట్టుగా లెక్కపెట్టరు. మిల్లీవాటు నుంచి వాటుకి ఒకటి, వాటు నుంచి కిలోవాటుకి రెండు, కిలోవాటు నుంచి మెగావాటుకి మూడు. తొమ్మిది సున్నాలు పోవాలి.

```
1,500,000,000 mW
    1,500,000 W
        1,500 kW
          1.5 MW
```

ఇందులో ఒక్కో వరుసకీ ఒక్క కామా రాలిపోతోంది, గమనించు. గిగావాట్లు కావాలంటే ఇంకో మెట్టు, 0.0015 GW.

ఇప్పుడు నీ 15 సంగతి. కామాలు లెక్కపెట్టడం తప్పు కాదు. నువ్వు లెక్కపెట్టిన కామాలు వేరే కొలతకి వేసినవి, అదీ గొడవ. మన లెక్కలో మొదటి కామా మూడు అంకెల తర్వాత పడుతుంది, వెయ్యి దగ్గర. అక్కడ కిలోతో సరిగ్గా కలుస్తుంది. ఆ పైన లక్ష, కోటి అని రెండేసి అంకెలకి పడుతుంది. మెగా, గిగా మాత్రం మూడేసి అంకెలకే నడుస్తాయి. కాబట్టి 15,00,000 లో రెండో కామా ఉన్నది లక్ష దగ్గర, పది లక్షల దగ్గర కాదు. అందుకే నీకు పది రెట్లు ఎక్కువొచ్చింది.

అదే కోటి అయితే నూరు రెట్లు తప్పుతుంది. 1,00,00,000 W లో మూడు కామాలు చూసి 1 GW అని రాసేస్తావు. నిజానికి అది 10 MW.

మీ పార్ట్‌నర్ చెప్పిందే సరి. 1.5 MW.

పాలిటెక్నిక్_కుర్రోడు · రాత్రి 10:07

సార్, ఇప్పుడు అర్థమైంది. నా ల్యాప్‌టాప్‌లో రీజియన్ ఇండియా అని పెట్టుకున్నా, షీట్‌లో కామాలు అలాగే పడుతున్నాయి. నేను వాటినే చూసి రాశాను.

నెల్లూరు_నెట్ · రాత్రి 10:20

ఇదే మోసం నాకూ జరిగింది. 64 జీబీ పెన్‌డ్రైవ్ కొంటే కంప్యూటర్‌లో 59.6 జీబీ అని చూపిస్తోంది. షాపువాడిని అడిగితే "అందరికీ అంతే వస్తుంది సార్" అన్నాడు. నాలుగు జీబీ పైన ఎక్కడికి పోయిందో కామాలు లెక్కపెట్టి ఎవరైనా చెప్పండి.

సబ్‌స్టేషన్_పెద్దాయన · రాత్రి 10:34

మీది వేరే సంగతండీ, అక్కడ సున్నా ఏదీ పోలేదు. అట్ట మీద రాసిన గిగా అంటే నూరు కోట్లే. 64 జీబీ అంటే 6,400 కోట్ల బైట్లు, అన్నీ మీ డ్రైవ్‌లో ఉన్నాయి. విండోస్ మాత్రం వెయ్యి బదులు 1024 ని మెట్టుగా తీసుకుంటుంది. 1024 ని మూడుసార్లు వేసుకుంటే 1,07,37,41,824. 6,400 కోట్లని దాంతో భాగిస్తే 59.6. ఆ రెండో గిగాకి 1998లోనే గిబి అని వేరే పేరు పెట్టారు, గుర్తు GiB. విండోస్ ఇప్పటికీ GB అనే రాస్తుంది.

నెల్లూరు_నెట్ · రాత్రి 10:41

అయితే తప్పు షాపుది కాదు, విండోస్‌ది అంటారా? నాకైతే అట్ట మీదే రెండు అంకెలూ వెయ్యాలనిపిస్తోంది. కొనేవాడికి స్క్రీన్ మీద కనపడేదే లెక్క.

లెక్కలటీచర్_తెనాలి · ఉదయం 6:15

రాత్రి చూడలేదు, ఇప్పుడే చదివాను. సూటిగా చెప్తా గారు మెట్టు ఎందుకు జారారో నాకు తెలుసు. అందుకు కొంత కారణం మా టీచర్లమే.

ఆరు, ఏడు తరగతుల్లో మేం పిల్లల చేత కిలో, హెక్టో, డెకా, మీటరు, డెసి, సెంటీ, మిల్లీ అని వరసగా అప్పజెప్పిస్తాం. అక్కడ ఒక్కో మెట్టుకి ఒక్క సున్నా. కిలో నుంచి మిల్లీ దాకా ఆరు మెట్లు దిగితే ఆరు సున్నాలు, చక్కగా సరిపోతుంది. పై తరగతికొచ్చాక మెగా వస్తుంది. పిల్లవాడు దాన్ని కిలో పైన తర్వాతి మెట్టుగా తగిలించి ఒక్క సున్నా వేస్తాడు. కిలో దాటాక మెట్టు ఎత్తు పెరిగిందని, అక్కడి నుంచి వెయ్యేసి రెట్లని మేం గట్టిగా చెప్పం. పదో తరగతి పేపర్లలో 5 MW = 50 kW అని రాసినవాళ్లని చూశాను.

ఇంకో తరహా పిల్లలు అంకె సరిగ్గానే జరుపుతారు గానీ ఎటు జరపాలో తడబడతారు. వాళ్లకి నేను వడ్ల లెక్క చెప్తాను. వడ్లు ఒక కుప్పే. కిలోల్లో చెప్తే 20,000, టన్నుల్లో చెప్తే 20. కొలిచే పాత్ర పెద్దదైతే కొలతల సంఖ్య తగ్గుతుంది. మా వైపు పిల్లలకి ఇది వెంటనే అందుతుంది, ఎందుకంటే కళ్లంలో చూసి ఉంటారు. ఒక్క క్వింటాలుతోనే జాగ్రత్త, అది నూరు కిలోలు, వెయ్యేసి మెట్ల వరసలో దానికి చోటు లేదు. టన్ను మాత్రం సరిగ్గా కుదురుతుంది. వెయ్యి కిలోలంటే పది లక్షల గ్రాములు, అంటే మెగాగ్రాము. ఆ పేరు ఎవరూ వాడరు, అంతే.

సూటిగా_చెప్తా · ఉదయం 7:02

ఒప్పుకుంటున్నా. వాటుని మెట్టుగా లెక్కపెట్టలేదు, నాదే పొరపాటు. మేడమ్ చెప్పిన హెక్టో, డెకా వరస నాకింకా నోట్లోనే ఉంది, కానీ అందులో మీటరుని మెట్టుగా లెక్కపెట్టేవాళ్లం. వాటు దగ్గరికొచ్చేసరికి ఎందుకు వదిలేశానో మరి.

అట్లాంటా_అబ్బాయి · ఉదయం 7:40

నాదొక సలహా. అసలు లక్ష, కోటి వదిలేసి మిలియన్, బిలియన్ వాడితే ఈ గొడవే ఉండదు. కిలో అంటే థౌజండ్, మెగా అంటే మిలియన్, గిగా అంటే బిలియన్. కామాలూ అక్కడే పడతాయి. ఇక్కడికొచ్చిన కొత్తలో జీతాన్నీ ఇంటి ధరనీ లక్షల్లోకి మార్చుకుంటూ తిప్పలు పడ్డాను, ఇప్పుడు మానేశాను.

లెక్కలటీచర్_తెనాలి · ఉదయం 8:05

మీకక్కడ కుదురుతుంది బాబూ. ఈ అబ్బాయి రిపోర్టు రాసేది ఇక్కడివాళ్లకి. కోటి ఛార్జర్లు అంటే మా ఊళ్లో ఎవరికైనా కళ్లకి కడుతుంది, పది మిలియన్ ఛార్జర్లు అంటే ఆగి ఆలోచించాలి. లెక్క చేసేటప్పుడు మూడేసి అంకెల కామాలు పెట్టుకుని, జవాబు చెప్పేటప్పుడు మళ్లీ లక్షల్లోకి రావచ్చు. గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే. మెగా అంటే పది లక్షలు, గిగా అంటే నూరు కోట్లు.

అట్లాంటా_అబ్బాయి · ఉదయం 8:11

రెండు పద్ధతులు పక్కపక్కన నడిస్తే ఏదో ఒక రోజు కాలు జారుతుందనే నా భయం. నా మాట మీద నేనున్నాను మేడమ్ 🙂

షిఫ్ట్_డెస్క్ · ఉదయం 10:30

నేను కరెంటు లెక్కలు రోజూ పంపే చోట పనిచేస్తాను. మిలియన్ వాడితే గొడవ ఉండదన్నారు కదా, మా దగ్గర ఉన్న పెద్ద గొడవ మిలియన్‌తోనే.

పేపర్లో "నిన్నటి వినియోగం 300 మిలియన్ యూనిట్లు" అని చదువుతారు. మేం MU అని రాస్తాం. మిలియన్ అంటే మెగా కాబట్టి 300 MU అంటే 300 MWh అని కొత్తగా చేరినవాళ్లు రాసేస్తారు. కానీ యూనిట్టులోనే ఒక కిలో దాక్కుని ఉంది. ఒక యూనిట్టు అంటే ఒక కిలోవాట్ అవర్. మిలియన్ కిలోవాట్ అవర్లంటే మెగా మీద ఇంకో కిలో ఎక్కినట్టు. అది గిగా. 1 MU = 1 GWh.

నేను చేరిన ఏడాదే ఒక టేబుల్‌లో తలకట్టు MWh అని పెట్టి కింద అంకెలు MU లో నింపాను. వెయ్యి రెట్ల తేడా. ఎవరూ గమనించలేదు, మూడు రోజులు అలాగే వెళ్లింది. తర్వాత నాకే అనుమానమొచ్చి 300 ని 24 గంటలతో భాగించి చూశాను. 300 MWh అయితే సగటు లోడు 12.5 MW వస్తుంది, అది ఒక రాష్ట్రానికి ఏ మూలకీ చాలదు. 300 GWh అయితే 12.5 GW, అంటే 12,500 MW. ఒక రాష్ట్రానికి అది నప్పుతుంది. రామగుండం ఎన్టీపీసీ పాత బొగ్గు ప్లాంటు 2,600 MW, అలాంటివి ఐదు అనుకోండి. అప్పటి నుంచి ఏ టేబుల్ పంపినా ముందు 24 తో భాగించి చూస్తాను.

ప్రాజెక్టు చేసే తమ్ముడికి ఇంకో మాట. రిపోర్టులో చిన్న m, పెద్ద M జాగ్రత్త. 150 mW అని టైప్ చేస్తే కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్ దానంతటదే పెద్ద అక్షరం చేసేస్తుంది. అది మూడు సున్నాల తప్పు కాదు, తొమ్మిది సున్నాల తప్పు. కిలోకి చిన్న k. బోర్డుల మీద KW అని రాసేస్తుంటారు, అర్థమైతే అవుతుంది గానీ రిపోర్టులో వద్దు. తెలుగులో రాస్తే ఇంకా చిక్కు. మి.లీ. అన్నప్పుడు "మి" మిల్లీ, మి.యూ. అన్నప్పుడు అదే "మి" మిలియన్. పూర్తిగా రాసేయడమే మంచిది.

పాలిటెక్నిక్_కుర్రోడు · మధ్యాహ్నం 1:15

షిఫ్ట్ డెస్క్ సార్, మీలాగే సరిచూసుకుందామని ఏడాదికి ఎన్ని యూనిట్లో రెండు దార్లలో చేశాను. ఒకసారి చూడండి.

ఒక ఛార్జర్‌తో మొదలుపెడితే ఏడాదికి 8,760 గంటలు. 0.15 W × 8,760 = 1,314 Wh. అంటే 1.314 kWh, యూనిట్టు మీద కొంచెం. కోటి ఛార్జర్లకి 1.314 కోట్ల యూనిట్లు.

మొత్తంతో మొదలుపెడితే 1.5 MW × 8,760 = 13,140 MWh. ఒక మెట్టు పైకెక్కితే 13.14 GWh. అంటే 13.14 MU. మిలియన్ అంటే పది లక్షలు కాబట్టి 131.4 లక్షలు, 1.314 కోట్లు. రెండూ కలిశాయి!

నా పాత 15 MW తో చేస్తే ఒక్క ఛార్జర్‌కే ఏడాదికి 13 యూనిట్లు వస్తోంది.

సబ్‌స్టేషన్_పెద్దాయన · మధ్యాహ్నం 1:50

కలిసింది, బాగుంది. 15 MW నిజమైతే ఒక్కో ఛార్జర్ 1.5 వాట్లు కాల్చాలి. అదంతా వేడిగానే బయటికి రావాలి కాబట్టి ఛార్జర్ పట్టుకుంటే వెచ్చగా తగిలేది. నీ ఖాళీ ఛార్జర్‌ని రాత్రంతా ఉంచి పొద్దున్నే పట్టుకుని చూడు, చల్లగానే ఉంటుంది. ఇంకోటి, నీ సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌లో ENG అని ఒక బటన్ ఉంటుంది. 1500000 కొట్టి, = నొక్కి, ఆ తర్వాత అది నొక్కితే 1.5×10⁶ అని చూపిస్తుంది. పైన ఉన్న అంకె ఎప్పుడూ మూడు, ఆరు, తొమ్మిది ఇలాగే వస్తుంది, నేరుగా కిలో, మెగా, గిగా అని చదువుకోవచ్చు.

అయితే నాకు నీ సున్నాల కంటే ఆ 0.15 మీద అనుమానంగా ఉంది. ఆ మీటరు చూపించగలిగే అతి చిన్న తేడానే 0.1 W. 0.1, 0.2 మధ్య ఊగుతుంటే నడుమ అంకె తీసుకున్నావు. అది కొలత కాదు, అంచనా. దాన్ని కోటితో గుణిస్తే అంచనా తప్పు కూడా కోటి రెట్లవుతుంది. ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఎన్ని ఛార్జర్లు పడితే అన్ని పెట్టి, మొత్తం చూసి భాగించు.

సూటిగా_చెప్తా · మధ్యాహ్నం 2:10

అంతెందుకు సార్, మల్టీమీటర్‌తో మిల్లీఆంప్స్ కొలిచి 230 తో గుణిస్తే నేరుగా మిల్లీవాట్లు వచ్చేస్తాయి కదా.

సబ్‌స్టేషన్_పెద్దాయన · మధ్యాహ్నం 2:26

మిల్లీ లెక్క సరిగ్గానే చెప్పారు. మిల్లీఆంపుని వోల్టుతో గుణిస్తే మిల్లీ అలాగే నిలుస్తుంది, సున్నా పోదు. కానీ వచ్చేది వాట్లు కాదు, వోల్ట్-ఆంపియర్లు. ఖాళీ ఛార్జర్‌లో కరెంటుకీ వోల్టేజికీ పొంతన ఉండదు, పవర్ ఫ్యాక్టర్ బాగా తక్కువ. నిజంగా కాలేదానికంటే చాలా ఎక్కువ కనిపిస్తుంది. పైగా కుర్రాడు 230 వోల్టుల లైను మధ్యలో మల్టీమీటర్ పెట్టడం నాకిష్టం లేదు. వద్దు.

పాలిటెక్నిక్_కుర్రోడు · రాత్రి 8:47

హాస్టల్‌లో అందరి దగ్గరా అడిగి ఎనిమిది ఛార్జర్లు తెచ్చాను. రెండు బోర్డులు కలిపి పెట్టాను. ముందు ఉత్త బోర్డులతో చూశాను, వాటి లైట్లు ఆపాక 0.0. ఎనిమిదీ పెట్టాక 0.9 W, ఈసారి ఊగలేదు. 0.9 ÷ 8 = 0.1125 W. అంటే 112.5 mW.

కోటితో గుణిస్తే, ఈసారి కామాలు సార్ చెప్పినట్టే పెట్టాను:

```
0.1125 W × 10,000,000 = 1,125,000 W = 1,125 kW = 1.125 MW
```

లక్షల్లో 11.25 లక్షల వాట్లు. రిపోర్టులో 1.125 MW అని రాసేస్తున్నాను, సరేనా?

షిఫ్ట్_డెస్క్ · రాత్రి 9:05

మెట్లన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ 1.125 రాయకు. నీ మీటరు చెప్పింది 0.9 ఒక్కటే. అసలు విలువ 0.85 అయినా 0.95 అయినా అది 0.9 అనే చూపిస్తుంది. ఎనిమిదితో భాగిస్తే 106 నుంచి 119 mW మధ్య, కోటికి 1.06 నుంచి 1.19 MW మధ్య. ఆ చివరి 25 ని మీటరు ఇవ్వలేదు, క్యాలిక్యులేటర్ ఇచ్చింది. "సుమారు 1.1 MW" అని రాయి.

లెక్కలటీచర్_తెనాలి · రాత్రి 9:18

ఎనిమిదీ కొత్త ఫోన్ల ఛార్జర్లేనా నాన్నా? మా ఇంట్లో పాత బటన్ ఫోన్‌ది ఒకటుంది, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన రకం. అది ఖాళీగా ఉన్నా చేతికి వెచ్చగా తగులుతుంది. అలాంటివి కోటిలో పదోవంతు ఉన్నా నీ 1.1 మారిపోదా?

పాలిటెక్నిక్_కుర్రోడు · రాత్రి 9:24

అన్నీ కొత్తవే మేడమ్. పాతది హాస్టల్‌లో ఎవరి దగ్గరా లేదు. ఆదివారం ఊరెళ్తున్నాను, మా తాతయ్య దగ్గర ఒకటుండాలి. మీటరు తీసుకెళ్తాను.